నియామక పత్రం లేని అనుభవాన్ని తూచేదెలా? వరాఛా వజ్ర కార్మికుల రెజ్యూమెలు చెబుతున్నదేమిటి

సూరత్: గుజరాత్‌లోని సూరత్ నగరంలో వరాఛా ప్రాంతం వజ్రాలకు సానపట్టే కార్ఖానాలకు ప్రసిద్ధి. సౌరాష్ట్ర జిల్లాల నుంచి వలస వచ్చిన వేలాది మంది అక్కడ 'రత్నకళాకార్'లుగా పనిచేస్తున్నారు. వారిలో చాలామందికి నెల జీతం ఉండదు, సానపట్టిన రాయికి ఇంత అని లెక్కగట్టి కూలి ఇస్తారు. నియామక పత్రం, జీతం చీటీ, భవిష్యనిధి ఖాతా లేకుండానే పదిహేనేళ్ల పని గడిచిపోవడం ఇక్కడ విశేషమేమీ కాదు.

ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాల ధరలు పడిపోవడం, ఎగుమతులు మందగించడం, 2025 ఆగస్టులో భారత ఉత్పత్తులపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచడం ఈ రంగాన్ని దెబ్బతీశాయి. పని తగ్గిన కార్మికులు నాణ్యత పరీక్షకులుగానో, యంత్ర నిర్వాహకులుగానో మరోచోట చేరాలంటే రెజ్యూమె ఇవ్వాలి. చిక్కు అక్కడే మొదలవుతోంది. అభ్యర్థి పూర్వ ఉద్యోగాలను భవిష్యనిధి రికార్డుతో సరిపోల్చే పద్ధతి చాలా సంస్థల్లో ఉంది. భవిష్యనిధి చట్టం సాధారణంగా 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు వర్తిస్తుంది. కాబట్టి చిన్న కార్ఖానాలో పనిచేసిన వ్యక్తి పేరు ఆ రికార్డులో లేకపోతే, అతడు పని చేయలేదని అర్థం కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. నాణ్యత పరీక్షకుడి ఉద్యోగానికి వచ్చిన రెజ్యూమెలో 2013 నుంచి 2024 వరకు ఏడు కార్ఖానాల పేర్లున్నాయి. సగటున ఒక్కో చోట ఏడాదిన్నర మాత్రమే. పైపైన చూసేవారికి ఇది నిలకడ లేని మనిషి చరిత్ర. కాస్త విచారిస్తే చిత్రం మారుతుంది. నాలుగు చోట్ల ఒకే మేస్త్రీ కింద పనిచేశాడు. మేస్త్రీ కార్ఖానా మారినప్పుడల్లా అతడి బృందమూ మారింది. రెండు చోట్ల దీపావళి సెలవుల తర్వాత యజమాని కార్ఖానా తిరిగి తెరవలేదు. అతడు తనంతట తానుగా మారింది ఒక్కసారే. తెలిసిన మేస్త్రీ మూడుసార్లు వెంటబెట్టుకు వెళ్లడం నిజానికి అతడి పనితనానికి సాక్ష్యం.

రెజ్యూమెలోని ఖాళీలనూ ఇలాగే చదవాలి. దీపావళికి కార్ఖానాలు కొన్ని వారాలు మూతపడతాయి, గిరాకీ లేని ఏడాది ఆ సెలవు మరింత సాగుతుంది. 2008 ఆర్థిక మాంద్యం, 2020 లాక్‌డౌన్ కాలాల్లో పరిశ్రమే స్తంభించింది. ఖాళీ ఈ కాలాలతో కలిస్తే అది రంగానికి చెందినది. కలవకపోతే కారణం అడగడం సమంజసం.

ఇక అసలు ప్రశ్న, చేసిన పని ఏమిటన్నది. గుండ్రని వజ్రానికి సాధారణంగా 57 పలకలు తీస్తారు: పైభాగంలో 33, అడుగున 24. పెద్ద కార్ఖానాల్లో ఈ పని దశలుగా విడిపోయి ఉంటుంది. ఒకరు పైభాగం మాత్రమే, మరొకరు అడుగుభాగం మాత్రమే చేస్తారు. అందువల్ల 'వజ్రాలకు సానపట్టడంలో పదకొండేళ్ల అనుభవం' అన్న వాక్యం ఏమీ చెప్పదు. ఏ దశ, ఏ పరిమాణం రాళ్లు, రోజుకు ఎన్ని, తిరిగి సరిచేయమని వచ్చినవి ఎన్ని అన్న వివరాలే అనుభవాన్ని చూపిస్తాయి. నిజంగా చేసినవారు వీటికి తడుముకోకుండా జవాబిస్తారు. పెంచి రాసుకున్నవారి మాటలు సాధారణ వర్ణనల దగ్గరే ఆగిపోతాయి.

ఆధారాలు లేవన్నదీ పూర్తి నిజం కాదు. కూలి లెక్క రాసుకున్న డైరీ, బ్యాంకు ఖాతాలో పడిన చెల్లింపులు, మేస్త్రీ ఫోన్ నంబరు పనికొస్తాయి. అయితే వీటికి పరిమితులున్నాయి. నగదు కూలి ఖాతాలో కనిపించదు, మేస్త్రీ బంధువూ కావచ్చు. అందుకే ఒక్క ఆధారంపై నిర్ణయించకుండా, రెండు మూడు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూడాలి. చివరగా, కూలి చెల్లించి పెట్టే ఒకరోజు పరీక్ష అన్నింటికంటే నమ్మదగినది. లోపాలున్న పది రాళ్లు ఇచ్చి తప్పులు గుర్తించమంటే, నాణ్యత పరీక్షకుడిగా పనికొస్తాడో లేదో సాయంత్రానికల్లా చాలావరకు తేలుతుంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రం తప్పనిసరి చేశాయి. అది ఇకపై చేరేవారికి మేలే. గడిచిన పదేళ్లకు మాత్రం అది పత్రం తెచ్చిపెట్టదు. ఆ సంవత్సరాలను కాగితం లేదన్న కారణంతో సున్నాగా లెక్కిస్తే నష్టపోయేది కార్మికుడొక్కడే కాదు, పని తెలిసిన మనిషిని గుమ్మం నుంచే తిప్పి పంపిన యజమాని కూడా.