తలపాగా చెక్కిన రాయి

సమాధుల వరుస ఫొటోలో కనిపించగానే చూడాల్సింది అవి ఏ దిక్కుకు సాగాయన్నది. ముస్లిం సంప్రదాయంలో భౌతికకాయాన్ని కుడివైపు ఒరిగించి, ముఖం మక్కా వైపు ఉండేలా పడుకోబెడతారు. హైదరాబాదుకు మక్కా దాదాపు పడమర కాబట్టి ఇక్కడి సమాధులు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, తల ఉత్తరానికి. ఇస్తాంబుల్‌కు మక్కా ఆగ్నేయాన ఉంది. అక్కడ అవే వరుసలు దాదాపు ఈశాన్య నైరుతులుగా తిరుగుతాయి. నీడను బట్టి దిక్కు తేలితే ఊరు ఏ వైపుదో కొంత తెలిసినట్టే.

ఈ సంచికలోని ఫొటోలన్నిటినీ మేము ముందుగా ఇలాగే చదివాం. ఆ తర్వాతే రాళ్లు. ఒక ఫొటోలో నిలువురాయి కొసన తలపాగా చెక్కి ఉంది, పక్క రాయిపై పూలు. అది ఒట్టోమాన్ పద్ధతి: తలపాగా పురుషుడికి, పూలు స్త్రీకి. తలపాగా బదులు ఫెజ్ టోపీ ఉంటే, ఆ రాయి 1829 నాటి దుస్తుల చట్టానికి తర్వాతిదై ఉండాలి. లాటిన్ లిపిలో టర్కిష్ ఉంటే, 1928 లిపి మార్పు తర్వాతిది.

మన దేశపు పాత సమాధుల్లో ఈ స్త్రీ పురుష తేడా పైపలకపై ఉంటుంది. కలందాను గుర్తు పురుషుడికి, రాతపలక స్త్రీకి. తాజ్‌మహల్‌లో షాజహాన్, ముంతాజ్‌ల సమాధులపై ఈ రెండూ చూడవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మ్యూజియం తోటకు తరలించిన రాళ్లు శైలిని చెబుతాయి కానీ దిక్కును చెప్పవు.