మీ కుటుంబమంటే ఎవరు మావయ్యా?
– కృష్ణవేణి

"మీకు, మీ కుటుంబ సభ్యులకు సంక్రాంతి శుభాకాంక్షలు" అని సొంత మేనమామకే పంపేవాళ్లున్నారు. ఆయన కుటుంబంలో వీళ్లమ్మ లేదా? వీళ్లు లేరా? అది బ్యాంకు వాళ్లు, ఓట్లడిగే వాళ్లు పంపే వాక్యం. ఇంట్లోవాళ్లకు నప్పదు.

పైగా ఎవరో చేసిన బొమ్మ. దాని నెత్తిన ఫార్వర్డ్ ముద్ర. ఐదు చేతులు దాటి వచ్చిందైతే రెండు బాణాలు వేసి మరీ చూపిస్తుంది వాట్సాప్. మావయ్యకు ఆ బాణాల సంగతి తెలియదనుకోకండి, ఆయన రోజూ పంపేవీ అవే.

పెద్దవాళ్లలో చాలామంది ఫోన్లో అక్షరాల సైజు పెంచుకుని చదువుతారు. మనం టైపు చేసింది ఆ సైజులోనే కనిపిస్తుంది. బొమ్మలో ఇమిడిన అక్షరాలు మాత్రం పెరగవు, వేళ్లతో సాగదీసుకోవాలి. కాబట్టి మాట టైపు చేసి, ఫొటో విడిగా పంపడం మేలు. ఉదాహరణకు ఇలా:

"మావయ్యా, అత్తయ్యా, పండగ నమస్కారాలు. సెలవు దొరక్క ఈసారి రాలేకపోయాం. పొద్దున వాకిట్లో వేసిన ముగ్గు పంపుతున్నాను. అత్తయ్య అరిసెలు గుర్తొచ్చాయి. సాయంత్రం ఫోన్ చేస్తాను 🙏"

వరస పెట్టి పిలవడముంది, రాకపోవడానికి కారణముంది, చివర ఒక్క దండముంది. ఆ దండాలు ఆరు పెడితే భక్తి పెరగదు. ముగ్గు ఫొటో అత్తయ్య పెద్దది చేసి చూస్తుంది, చుక్క ఎక్కడ తప్పిందో చెబుతుంది. అక్కడ మాట మొదలవుతుంది. సాయంత్రం ఫోన్ మాత్రం మరవకూడదు.

ఇదే సందేశం చిన్ననాటి స్నేహితుడికి పంపితే, "ఏరా, అప్పు కావాలా?" అంటాడు. వాడికి "పందెంలో ఎంత పోయింది? 🐓😂" చాలు. వాడి దగ్గర 🙏 పెడితే 'నీకో దండం, ఇక ఆపు' అనే అర్థం. ఆ కళ్లనీళ్ల నవ్వు పెద్దమ్మకు పంపితే, చిన్న తెర మీద ఏడుపనుకుని కంగారుపడే ప్రమాదముంది.

ఇవన్నీ సర్దుకుపోయే పొరపాట్లే. సర్దుకోనిది ఒకటుంది. ఇంట్లో మనిషి పోయిన ఏడాది మనలో చాలా ఇళ్లలో పండగ చేసుకోరు. బ్రాడ్‌కాస్ట్ జాబితాకు ఆ సంగతి తెలియదు. కిందటి ఏడాది చేర్చిన పేర్లన్నిటికీ అదే భోగి మంట, అవే మెరుపులు వెళ్లిపోతాయి. భర్త పోయిన పిన్ని ఫోన్లో అది తెరుచుకుంటుంది. ఒక్కోసారి ఆయన నంబరుకే వెళ్తుంది, ఆ ఫోను ఇప్పుడామె చేతిలోనే ఉంటుంది. అలాంటి ఇంటికి బొమ్మ వద్దు, ఎమోజీ వద్దు, శుభాకాంక్షలన్న మాటా వద్దు. "పిన్నీ, ఎలా ఉన్నావు? పిల్లలు వచ్చారా?" అంటే చాలు. ఏమీ తోచకపోతే నేరుగా ఫోన్ చేయొచ్చు.

భోగి ముందురోజు రాత్రే మీ బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒకసారి తెరవండి. ఈ ఏడు పండగ లేని ఇళ్ల పేర్లు ముందు తీసేయండి.