గడిచిన నెలకు వేసే మాత్ర

హ్యూస్టన్, డాలస్, అట్లాంటా వంటి ఊళ్లలో కుక్కను పెంచుకునే తెలుగు కుటుంబాలకు నెలకోసారి వేసే హార్ట్‌వార్మ్ మాత్ర కొత్త కాదు. పాలబిల్లు, కరెంటు బిల్లులతో పాటు అదీ ఒక నెలవారీ పని. అయితే చాలామంది దాన్ని టీకాలా భావిస్తారు. ఈరోజు వేస్తే రాబోయే ముప్పై రోజులూ కాపలా కాస్తుందనుకుంటారు. నిజానికి ఐవర్‌మెక్టిన్, మిల్బిమైసిన్ వంటి మాత్రలు పనిచేసేది వెనక్కి. గడిచిన నెలలో దోమ ఒంట్లోకి వదిలిన పిల్లపురుగులను అవి చంపుతాయి. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే ఎన్నో కుక్కలు రోగం పాలవుతున్నాయి.

ఈ పురుగు శాస్త్రనామం డైరోఫిలేరియా ఇమ్మిటిస్. మన ఊళ్లలో బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుకు ఇది దూరపు చుట్టం. ఎదిగిన ఆడపురుగు దాదాపు అడుగు పొడవుండే తెల్లటి దారంలా ఉంటుంది. పేరులో గుండె ఉన్నా, అది ఎక్కువగా కాపురముండేది గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనుల్లో. అక్కడే ఐదు నుంచి ఏడేళ్లు బతుకుతూ, కంటికి కనపడనంత సన్నని పిల్లలను, అంటే మైక్రోఫైలేరియాలను, రక్తంలోకి వదులుతుంది.

ఆ పిల్లలు మాత్రం అదే కుక్క ఒంట్లో పెద్దవి కాలేవు. తల్లి కుక్క కడుపులోంచి కూనలకు చేరినా, ఎక్కించిన రక్తం ద్వారా మరో కుక్కకు చేరినా వాటి ఎదుగుదల అక్కడితో ఆగిపోతుంది. తప్పనిసరిగా దోమ ఒంట్లోకి వెళ్లాలి. వాతావరణం 27 డిగ్రీల దగ్గర ఉంటే దోమలో సుమారు రెండు వారాల్లో అవి మరో కుక్కకు సోకగలిగే దశకు వస్తాయి. 14 డిగ్రీల కంటే చల్లబడితే ఎదుగుదల నిలిచిపోతుంది. అందుకే ఈ జబ్బు అమెరికాలో మిసిసిపీ నదీ పరీవాహకంలోనూ, గల్ఫ్ తీరం పొడవునా బలంగా పాతుకుపోయింది. 2005లో కత్రినా తుపాను తర్వాత ఆ ప్రాంతం నుంచి కాపాడిన కుక్కలను పరీక్షిస్తే దాదాపు సగం వాటిలో ఈ పురుగు జాడ కనిపించింది. ఆ కుక్కలెన్నో దేశం నలుమూలలకూ దత్తత వెళ్లాయి. పురుగును మోసే కుక్క ఎక్కడికి చేరితే అక్కడి దోమలకు కొత్త సరఫరా మొదలవుతుంది. పాత టైర్లలోనూ పూలకుండీల కింద పళ్లేలలోనూ పెరిగే ఆసియా పులిదోమ 1985లో హ్యూస్టన్‌లో కనిపించింది. అది పట్టపగలే కుడుతుంది కాబట్టి, సాయంత్రం కుక్కను ఇంట్లోకి తెచ్చేస్తే చాలన్న ధీమా చెల్లదు.

మాత్ర వెనక్కి పనిచేయడమంటే ఏమిటో ఒక లెక్క చూస్తే తేలుతుంది. హ్యూస్టన్‌లో ఒక కుక్కకు జూలై 1న మాత్ర వేశారనుకుందాం. ప్రయాణాల హడావిడిలో ఆగస్టు, సెప్టెంబరు మాత్రలు తప్పిపోయాయి. ఆగస్టు 10న ఒక దోమ కుట్టింది. చర్మం కిందికి చేరిన పిల్లపురుగు కొద్ది రోజుల్లోనే ఒకసారి పొర విడిచి తర్వాతి దశకు వెళ్లింది. సెప్టెంబరు 1న మాత్ర పడి ఉంటే దానికి అక్కడితో ఆయువు తీరేది. అక్టోబరు 15న యజమాని మళ్లీ మాత్ర మొదలుపెట్టాడు. అప్పటికి పురుగు వయసు 66 రోజులు. రెండు నెలల వయసు దాటేసరికి అది ఆఖరి పొర విడిచి పసిరూపంలోని పెద్దపురుగైపోయి ఉంటుంది. నెలమాత్రలోని మోతాదు ఇక దాన్ని నమ్మకంగా చంపలేదు. అక్టోబరు నెలాఖరుకి అది ఊపిరితిత్తుల ధమనికి చేరుతుంది.

అనుమానం వచ్చి నవంబరులో పరీక్ష చేయించినా ఫలితం ‘లేదు’ అనే వస్తుంది. ఆసుపత్రిలో పది నిమిషాల్లో తేల్చే యాంటిజెన్ పరీక్ష పట్టుకునేది ఎదిగిన ఆడపురుగు విడిచే పదార్థాన్ని. కుట్టిన తర్వాత ఐదు నెలలలోపు అది దొరకదు, ఏడు నెలలకు గాని భరోసాగా చెప్పలేరు. అన్నీ మగపురుగులే ఉంటే ఎప్పటికీ దొరక్కపోవచ్చు. కాబట్టి మాత్ర తప్పిన కుక్కకు వెంటనే ఒకసారి, ఆరేడు నెలల తర్వాత మరోసారి పరీక్ష చేయాలి. మొదటిది పాత రోగముందేమో చూడటానికి, రెండోది మాత్ర తప్పిన రోజుల్లో ఏమైనా ఎక్కిందేమో చూడటానికి. నవంబరు ఫలితం చూసి ఊపిరి పీల్చుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఈ కుక్కలో అసలు సంగతి మార్చిలో బయటపడుతుంది.

అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. పెద్దపురుగులను చంపేది మెలార్సొమిన్ అనే ఆర్సెనిక్ మందు. నడుము కండరంలో లోతుగా ఇస్తారు, నొప్పి ఎక్కువ. అయినా అసలు ప్రమాదం మందు కంటే చచ్చిన పురుగులతోనే. ధమనిలో చచ్చిన పురుగు ముక్కలై రక్తప్రవాహంతో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. ఇంజెక్షన్ ఇచ్చిన వారం పది రోజులకు దగ్గు, ఆయాసం, జ్వరం, కొన్నిసార్లు దగ్గులో రక్తం కనిపిస్తాయి. ఆ సమయంలో కుక్క ఉడుతను చూసి ఒక్క పరుగు తీసినా ప్రాణం మీదికి రావచ్చు. అందుకే పురుగులన్నిటినీ ఒక్కసారి చంపరు. ముందు నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ ఇస్తారు. అది పురుగు ఒంట్లో ఉండే వోల్బాకియా అనే బ్యాక్టీరియాను తుడిచేసి, పురుగును బలహీనపరుస్తుంది, చచ్చాక వచ్చే వాపునూ తగ్గిస్తుంది. ఆ తర్వాత ఒక నెల విరామం. ఈ కుక్కకైతే మే మూడోవారంలో ఒక ఇంజెక్షన్, నెల తర్వాత వరుసగా రెండు రోజులు రెండు ఇంజెక్షన్లు. ఈ నెలలన్నీ కుక్కకు మెడతాడు మీద మెల్లగా నడకే గాని పరుగు లేదు, ఆఖరి ఇంజెక్షన్ తర్వాత మరో ఆరు నుంచి ఎనిమిది వారాలు కూడా. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మందు కంటే కష్టమైన పథ్యం.

ఈ బాధ పడలేక కొందరు ఖర్చు తక్కువని నెలమాత్రలే వేస్తూ పెద్దపురుగులు వాటంతట అవే చచ్చేదాకా ఆగుతారు. దానికి ఏడాది, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఆలోగా ధమనుల గోడలు దెబ్బతింటూనే ఉంటాయి. పైగా మిసిసిపీ దిగువ ప్రాంతంలో నెలమాత్రకు లొంగని పురుగు జాతులు బయటపడ్డాయి. మందుకు తట్టుకున్న పురుగుల పిల్లలను దోమలకు అందించే ఇలాంటి వైద్యం ఆ బెడదను ఇంకా పెంచుతుంది. మెలార్సొమిన్‌ను తట్టుకోలేని ముసలి, జబ్బు కుక్కల విషయంలో తప్ప దీన్ని సమర్థించడం కష్టం. మాత్రకు లొంగని పురుగులున్నాయి కాబట్టే మాత్ర తప్పకుండా వేసే ఇంట్లోనూ ఏడాదికోసారి పరీక్ష అవసరం.

ఇంకో అడ్డదారి పశువుల మందుల కొట్లో దొరికే ఐవర్‌మెక్టిన్ సీసా. కుక్కకు కావలసింది కిలోకు 6 మైక్రోగ్రాములు, అంటే ఇరవై కిలోల కుక్కకు 120. పశువులకిచ్చే ఒక శాతం మందులో ఒక్క మిల్లీలీటరుకి 10,000 మైక్రోగ్రాములుంటాయి. ఆ లెక్కన కుక్కకు కావలసింది 0.012 మిల్లీలీటరు, మామూలు సిరంజితో కొలవలేనంత చిన్న బొట్టు. కొలత తప్పి మోతాదు చాలా రెట్లు పెరిగితే కోలీ వంటి జాతుల్లో మందు మెదడులోకి చొరబడి వణుకు, స్పృహ తప్పడం, ఒక్కోసారి చావు దాకా వెళ్తుంది. మాత్ర గుర్తుండని ఇళ్లకు ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి డాక్టరు ఇచ్చే మాక్సిడెక్టిన్ ఇంజెక్షన్ ఉండగా ఈ సాహసం అక్కర్లేదు.

ఆ హ్యూస్టన్ కుక్క జూన్‌లో ఆఖరి ఇంజెక్షన్ తీసుకుంటుంది. ఆగస్టు దాకా పంజరంలోనూ మెడతాడు మీదా గడుపుతుంది. పురుగులన్నీ పోయాయో లేదో తేల్చే పరీక్ష ఆఖరి ఇంజెక్షన్ తర్వాత తొమ్మిది నెలలకు, అంటే మళ్లీ మార్చిలో.