మెటియాబ్రుజ్: పేరు ఒకరిది, కుట్టు మరొకరిది

కోల్‌కతా నైరుతి కొసన, హుగ్లీ నది ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్ దర్జీల పేటగా ప్రసిద్ధి. 1856లో రాజ్యం కోల్పోయి ఇక్కడికి చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా పరివారంతో పాటు దర్జీలూ వచ్చారు. నేడు ఇది పిల్లల రెడీమేడ్ దుస్తులకు పెద్ద టోకు కేంద్రం. ఇలాంటి చోట పేరున్న బ్రాండ్ తన ముద్రను స్థానిక తయారీదారుకు లైసెన్సుపై ఇస్తే నాణ్యత ఎవరి పూచీ అన్నది చిక్కు ప్రశ్న.

లైసెన్సు వేరు, జాబ్ వర్క్ వేరు. జాబ్ వర్క్‌లో సరుకంతా బ్రాండ్ యజమానికే చేరుతుంది. లైసెన్సులో తయారీదారే కుట్టించి, తానే అమ్మి, అమ్మకాలపై రాయల్టీ చెల్లిస్తాడు. సరుకు యజమాని గోదాము గడప తొక్కదు కనుక తనిఖీ తయారీ చోటనే జరగాలి. అయితే మెటియాబ్రుజ్‌లో ఆ చోటు ఒకటి కాదు. ఓస్తాగర్ అనే ప్రధాన దర్జీ బట్ట కొని కత్తిరిస్తాడు. కుట్టు ఇళ్లకు వెళుతుంది. బొత్తాలు, ఇస్త్రీ మరొకరి చేతిలో పడతాయి. ఒప్పందంపై సంతకం చేసింది ఓస్తాగర్ అయినా, సూది పట్టింది ఒప్పందం చూడనివారు. అందుకే అనుమతి లేకుండా ఉపకాంట్రాక్టు ఇవ్వరాదన్న షరతును గుడ్డిగా రాసుకోవడం కంటే, కుట్టే చోట్ల జాబితాను ఒప్పందానికి జతచేయడం మేలు.

మూడు వేల గౌన్ల లాట్ అనుకుందాం. ముందుగా ఆమోదించి సీలు వేసిన నమూనాతో పోల్చుతూ తనిఖీదారు 125 గౌన్లను యాదృచ్ఛికంగా తీస్తాడు. అంగీకార ప్రమాణం 2.5గా పెట్టుకుంటే, సాధారణ తనిఖీ పట్టిక ప్రకారం లోపభూయిష్టమైనవి ఏడు వరకూ ఉంటే లాట్ చెల్లుతుంది, ఎనిమిదైతే తిరస్కరణే. ఊడివచ్చే బొత్తాం వంటి ప్రమాదకర లోపానికి ఈ లెక్క వర్తించదు. పసిబిడ్డ నోట్లోకి వెళ్లగలిగింది ఒక్కటి దొరికినా లాట్ ఆగాలి.

అసలు చిక్కు తిరస్కరణ తరువాతే. ఆ గౌన్లు లేబుల్‌తోనే వారాంతపు హాటుకు చేరితే కొన్నవాడు తిట్టేది బ్రాండ్‌నే. దీనికి విరుగుడు లేబుళ్ల లెక్క. యజమానే వరుస సంఖ్యలతో వాటిని అచ్చువేయించి ఇస్తాడు. అమ్మినవి, చెడినవి, మిగిలినవి కలిపితే ఇచ్చిన సంఖ్య రావాలి. తిరస్కరించిన లాట్ నుంచి లేబుళ్లు కత్తిరించి లెక్కకు జమచేయాలి. లేబుళ్లు లెక్కకు తక్కువైతే రాయల్టీ ఎగవేతనో, దొడ్డిదారి అమ్మకాన్నో అనుమానించవలసిందే. బజారులో ఒకే సంఖ్య రెండుసార్లు కనబడితే నకిలీ లేబుల్ ఉన్నట్టే.

పర్యవేక్షణ లేని యజమానిని చట్టమూ ఉపేక్షించదు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద లైసెన్సు పొందినవారిని రిజిస్టర్డ్ యూజర్‌గా నమోదు చేసుకోవచ్చు, అది తప్పనిసరి కాదు. నమోదైతే మాత్రం, నాణ్యత షరతును అమలుచేయకున్నా, పాటించకున్నా, 50వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ దానిని రద్దు చేయగలరు. లైసెన్సు ఇచ్చినా ముద్రకూ యజమానికీ వ్యాపార సంబంధం కొనసాగాలని సుప్రీంకోర్టు 1995లోనే, గుజరాత్ బాట్లింగ్–కోకా కోలా కేసులో పేర్కొంది. ఏళ్ల తరబడి ఒక్క తనిఖీ నివేదికైనా లేని యజమాని ఆ సంబంధాన్ని ఏ కాగితంతో చూపగలడు?