మొత్తంలో కనిపించని ఆగస్టు లోటు

2023 నైరుతి రుతుపవనాల కాలంలో దేశంలో 868.6 మిల్లీమీటర్ల సాధారణానికి గాను 820 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. ఇది సాధారణంలో 94 శాతం కాబట్టి ఆ ఏటి లోటు పెద్దదేమీ కాదని అనిపిస్తుంది. నెలల వారీగా చూస్తే జులైలో సాధారణం కన్నా 13 శాతం ఎక్కువగా కురిసిన వాన, ఆగస్టులో 254.9 మిల్లీమీటర్లకు బదులు 162.7 మాత్రమే పడి 36 శాతం లోటుకు దిగజారింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంతటి పొడి ఆగస్టు మరొకటి లేదు. కాలం మొత్తాన్ని ఒకే అంకెగా చెప్పే అలవాటు ఇలాంటి నెలను కప్పిపుచ్చుతుంది గనుక, వర్షపాత పట్టికను నెలల వారీగానే చదవాలి.

ఇక్కడ సాధారణ వర్షపాతం అంటే ఒక ప్రాంతంలో ఒక నెలలో గాని, కాలం మొత్తంలో గాని దీర్ఘకాలంపాటు నమోదైన వానల సగటు. పైన చెప్పిన 868.6 అంకె 1971–2020 మధ్య యాభై ఏళ్ల సగటు. వాస్తవ వర్షపాతం నుంచి సాధారణాన్ని తీసివేసి, వచ్చిన దాన్ని సాధారణంతో భాగించి నూరుతో గుణిస్తే తేడా శాతం వస్తుంది. ఆ తేడా 19 శాతానికి మించకుండా అటూ ఇటూ ఉంటే భారత వాతావరణ శాఖ దాన్ని సాధారణంగానూ, 20 నుంచి 59 శాతం వరకు తగ్గితే లోటుగానూ, 60 నుంచి 99 శాతం వరకు తగ్గితే తీవ్ర లోటుగానూ పరిగణిస్తుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లాను తీసుకుంటే, అక్కడి సాధారణ వర్షపాతం జూన్‌లో 63.9, జులైలో 67.4, ఆగస్టులో 88.7, సెప్టెంబరులో 118.4, నాలుగు నెలలకూ కలిపి 338.4 మిల్లీమీటర్లు. లెక్క తెలియడానికి, ఒక ఏడాది ఈ నెలల్లో వరుసగా 90, 75, 31, 142 మిల్లీమీటర్లు కురిసిందనుకుందాం. మొత్తం 338, అంటే తేడా దాదాపు సున్నా, మొత్తాన్ని చూపే వరుసలో ‘సాధారణం’ అనే మాట. కాని ఆగస్టులో లోటు 65 శాతం, అంటే తీవ్ర లోటు. జులైలో విత్తిన వేరుశనగకు పూత వచ్చి ఊడలు దిగే దశ సరిగ్గా ఆ నెలలోనే వస్తుంది. తేమను ఎక్కువ రోజులు నిలుపుకోలేని ఎర్ర నేలల్లో ఎండిపోయిన ఊడలను సెప్టెంబరు వాన తిరిగి బతికించలేదు. మొత్తం అంకె సరిపోయినా పంట సరిపోదు.

అయితే శాతం ఒక్కటే చూసినా పొరపాటు పడతాం. అదే జిల్లాలో డిసెంబరు సాధారణం 9.9 మిల్లీమీటర్లే కాబట్టి, ఆ నెలలో చినుకు పడకపోతే పట్టికలో 100 శాతం లోటు కనిపించి, పైన చెప్పిన ఆగస్టు కన్నా భయంకరంగా తోస్తుంది. నిజానికి కోల్పోయింది పది మిల్లీమీటర్ల లోపు, ఆగస్టులో కోల్పోయింది 57.7. అందువల్ల శాతంతోపాటు లోటు పరిమాణాన్నీ, ఆ నెలలో పొలంలో ఏ పంట ఏ దశలో ఉందన్న సంగతినీ కలిపి చూశాకే ఒక నెలను ప్రమాదకరమని గుర్తించడం సమంజసం.

ఇప్పుడు చాలామందికి ఈ లెక్కలు ఫోన్‌కు వచ్చే స్క్రీన్‌షాట్ రూపంలోనే అందుతున్నాయి. దాన్ని అంకెలుగా మార్చేటప్పుడు దశాంశ బిందువు రాలిపోవడం, లోటును తెలిపే చిన్న గీత చెరిగిపోవడం, పక్కపక్కనే ఉండే జూన్, జులై వరుసలు తారుమారు కావడం తరచుగా జరిగేవే. 67.4 కాస్తా 674 అయితే నాలుగు నెలల మొత్తం 945 అవుతుంది. పట్టికలో అచ్చయిన 338.4తో అది పొసగదు. అచ్చయిన శాతాన్ని వాస్తవ, సాధారణ అంకెల నుంచి మళ్లీ లెక్కగడితే గీత పోయిన వరుస బయటపడుతుంది. అంకెలన్నీ సరిగా ఉన్నా శీర్షిక మోసగించవచ్చు: ‘జూన్ 1 నుంచి ఇప్పటివరకు’ అన్న నిలువు వరుస పోగుబడిన మొత్తమే గాని ఆ నెల వాన కాదు, నెల మధ్యలో తీసిన పట్టికను పూర్తి నెల సాధారణంతో పోల్చితే లేని లోటు పుడుతుంది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది కాబట్టి, కొత్త జిల్లా వానను ఉమ్మడి జిల్లా సాధారణంతో పోల్చడమూ అలాంటి పొరపాటే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా నెల మొత్తానికి ఒక పరిమితి ఉంది. 88 మిల్లీమీటర్లు రెండు రోజుల్లోనే కుండపోతగా కురిసి, మిగిలిన నెలంతా ఎండ కాస్తే పట్టిక ఆగస్టును సాధారణమనే చూపుతుంది. కనీసం 2.5 మిల్లీమీటర్లు కురిసిన రోజునే వర్షపు రోజుగా లెక్కిస్తారు గనుక, ఆ రోజుల సంఖ్యను నెల అంకె పక్కన చేర్చి ప్రచురిస్తే ఇలాంటి నెలలను పసిగట్టవచ్చు. కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో వెలువరించిన కరవు నిర్ధారణ మార్గదర్శకాలు వర్షపాత లోటుతోపాటు వాన కొరవడిన వారాల వరుసనూ పరిగణించాలనడానికి కారణం కూడా ఇదే.