కొర్రన్నం, సామన్నం పొడిపొడిగా రావాలంటే...

కొర్రలు, సామలు ఇంటికి తెచ్చుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. కానీ "వండితే ముద్దయిపోతోందండీ" అనేవాళ్లు కొందరైతే, "పైన మెత్తగా ఉంది, లోపల పలుకుగా ఉంది" అనేవాళ్లు ఇంకొందరు. బియ్యం వండినట్టే ఇవీ వండేస్తుంటాం కదా, చిక్కంతా అక్కడే వస్తుంది.

మా ఎదురింటి వదినగారి మామగారికి షుగరు. రాత్రిపూట తెల్లన్నం మానేసి కొర్రన్నం పెట్టాలనుకున్నారు. వదినగారు కొర్రలు కడిగి, నానబెట్టకుండానే గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్లో పెట్టేశారు. అది కాస్తా జావలా తయారైంది. "నేనేమన్నా జబ్బుపడ్డానా, జావ పెడతావు?" అని ఆయన కంచం పక్కకి జరిపేశారట. అదే కొర్రలతో మర్నాడు ఇద్దరం కలిసి ఇలా వండాం.

ముందు గింజను చూడండి. కొర్రలు పసుపు రంగులో, గుండ్రంగా ఉంటాయి. సామలు వాటికంటే సన్నగా, కాస్త తెల్లగా ఉంటాయి. రెండింటినీ కలిపి వండకండి. సామలు ముందే ఉడికిపోతాయి, అప్పటికి కొర్రలు పలుకుగానే ఉంటాయి.

ఒక గ్లాసు కొర్రలు రెండు మూడు నీళ్లతో కడిగి, గాలించండి. సన్న గింజలు కాబట్టి అడుగున ఇసుక, మట్టి రేణువులు చేరి ఉంటాయి. తర్వాత మంచినీళ్లు పోసి రెండు గంటలు నాననివ్వండి. సామలకైతే ముప్పావు గంట చాలు. గింజను రెండు వేళ్ల మధ్య పెట్టి గోరుతో నొక్కితే తేలిగ్గా చితకాలి. 'టక్' మని గట్టిగా తగిలితే ఇంకా నానాలన్నమాట. బాగా పాలిష్ పట్టినవైతే ఇంకా తొందరగా నానిపోతాయి, గోరుతో చూసుకుంటే మీకే తెలుస్తుంది. అలాగని పొద్దున్నే వంట కదా అని ఎండాకాలంలో రాత్రంతా బయట నానబెట్టకండి. పులిసిన వాసన వస్తుంది.

నానిన గింజల్ని సన్న జల్లెట్లో పోసి నీళ్లు పూర్తిగా వడకట్టండి. అడుగున నీళ్లు మిగిలిపోతే మన కొలత తప్పుతుంది.

ఇక నీళ్లు. గ్లాసు కొర్రలకు రెండు గ్లాసులు, గ్లాసు సామలకు ఒకటీ ముప్పావు గ్లాసు. ఈ గ్లాసు కొలత నానబెట్టక ముందు, పొడి గింజలదే సుమండీ! మందపాటి గిన్నెలో ఈ నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు, ఒక చెంచా నూనె వేయండి. నీళ్లు బాగా తెర్లుతున్నప్పుడే గింజలు వేయాలి. చన్నీళ్లలో వేసి పెడితే నీళ్లు కాగేలోపే పిండి వదిలి జిగురొస్తుంది.

వేసిన వెంటనే ఒక్కసారి కలిపి వదిలేయండి. మళ్లీ మళ్లీ గరిటె పెట్టారంటే గింజలు విరిగి ముద్దవుతాయి. నీళ్లు ఇంకిపోయి, గింజల మీద చిన్నచిన్న గుంటలు కనిపించేసరికి మంట బాగా తగ్గించి, మూత పెట్టండి. కొర్రలకు ఆరేడు నిమిషాలు, సామలకు నాలుగైదు నిమిషాలు చాలు. స్టవ్ ఆపేశాక మూత తీయకుండా పది నిమిషాలు అలాగే ఉంచండి. లోపలి ఆవిరికే మిగిలిన పలుకు కాస్తా పోతుంది. ఆ తర్వాత గరిటె కాడతో అంచుల నుంచి నెమ్మదిగా విడదీస్తే సరి.

ఉడికిందో లేదో తెలియాలంటే రెండు మెతుకులు నలిపి చూడండి. మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకా ఉడకలేదన్నమాట. రెండు మూడు చెంచాల వేడినీళ్లు చిలకరించి, మూతపెట్టి సన్నమంట మీద ఇంకో మూడు నిమిషాలు ఉంచండి. చన్నీళ్లు పోయొద్దు. ఒకవేళ నీళ్లెక్కువై చెమ్మగా ఉంటే, వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాను కింద ఆరనివ్వండి. అప్పటికీ ముద్దగానే ఉంటే పెరుగన్నం కలిపేయండి, దానికి మెత్తగా ఉంటేనే బాగుంటుంది.

పులిహోర చేయాలనుకుంటే సామలకు ఒకటిన్నర గ్లాసు నీళ్లే పోయండి. తర్వాత పులుసులోని తడి కలుస్తుంది కదా!

ఇంకొక్క మాట. ఈ అన్నం చల్లారిందంటే గట్టిపడుతుంది. వడ్డించే వేళకు అరగంట ముందు వండుకోండి. మిగిలితే నీళ్లు చిలకరించి ఆవిరి మీద వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుంది. షుగరున్న వాళ్లకు కొర్రన్నమైనా కొలిచే పెట్టాలి, ఇదీ ధాన్యమే. ఎంత పెట్టాలో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.