తడిసిన గింజలు పైకి రావాలి

శుక్రవారం మధ్యాహ్నం అజాన్ వినబడగానే క్రయవిక్రయాలు ఆపి నమాజుకు రమ్మని, నమాజు ముగిశాక తిరిగి వెళ్లి జీవనోపాధిని అన్వేషించుకోమని దివ్యఖుర్ఆన్ ఆదేశించింది. ఈ రెండు ఆదేశాల నడుమ చేసే ప్రసంగం వ్యాపారం గురించి కూడా మాట్లాడాలి కదా! ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఆనుకొని ఉన్న తార్నాకలో తోపుడు బండి పక్కన నిలిపి వచ్చి సఫ్‌లో నిలబడే సోదరులను తలచుకొని, మేము వినాలనుకున్న జుమా ప్రసంగాన్ని ఇక్కడ రాస్తున్నాము. అది వారికి అర్థమయ్యే తెలుగులో ఉండాలన్నది కూడా మా కోరికే.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులోకి చేయి పోనిచ్చారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని యజమాని చెప్పాడు. మరి జనానికి కనబడేలా తడిసిన గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాడన్నారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉదంతంలో మనం సాధారణంగా చివరి మాటనే గుర్తుంచుకుంటాము. నిజానికి అసలు పాఠం మధ్యలో ఉంది. వాన కురవడం వర్తకుని తప్పు కాదు. తడిసిన సరుకు అమ్మవద్దని కూడా ఆయన అనలేదు. తడిసినదాన్ని అడుగున దాచడమే నేరమైంది.

దీన్ని మన బండి మీదికి తెచ్చుకుందాం. ఇరవై కిలోల బత్తాయిల పెట్టె 1200 రూపాయలకు కొన్నారనుకుందాం. విప్పి చూస్తే మూడు కిలోలు మెత్తబడ్డాయి. మంచివి కిలో 80కి, మెత్తబడినవి రసానికని చెప్పి 30కి అమ్మితే చేతికి 1450 వస్తుంది, లాభం 250. మెత్తబడినవాటిని మంచివాటి కింద కలిపేస్తే 1600 వస్తుంది, లాభం 400. ఈ అదనపు 150 ఎవరిది? తన సంచిలో ఏమి పడిందో హాస్టల్ గదికి వెళ్లాకగాని తెలియని విద్యార్థిది. అతడు రెండు పండ్ల కోసం తిరిగి వచ్చి తగాదా పడడు, అందువల్లనే అతడు సులువుగా మోసపోతాడు.

పై మార్కెట్‌లో తరుగు పేరుతో తమకే కోత పడుతోందని బండివారు చెబుతారు. ఆ బాధ నిజమే. అయితే దానికి ధర్మం తలుపు మూసివేయలేదు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని ప్రజలు కోరితే దైవప్రవక్త (స) అంగీకరించలేదు. కాబట్టి నష్టం పూడ్చుకోవడానికి మంచి పండ్లను 85కు అమ్ముతానని బాహాటంగా అడగవచ్చు. ఇష్టమైనవాడు కొంటాడు, లేనివాడు పక్క బండికి వెళతాడు. బేరం కళ్లముందు జరగాలి. కాటాలో జరగరాదు.

ఇక కాటా సంగతి. షుఐబ్ ప్రవక్త (అ) తన జాతిని హెచ్చరించింది ఈ విషయంలోనే. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ వేసే ముద్రను ఏటా పునరుద్ధరించుకోవాలి. అయితే ముద్ర ఉన్న కాటా కూడా బండి ఒకవైపు వాలినప్పుడు సరిగ్గా చూపకపోవచ్చు. ఉదయం ఖాళీ పళ్లెంతో సున్నా చూసుకొని, ముద్ర ఉన్న కిలో రాయిని పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. యాభై గ్రాములు ఎక్కువ చూపిస్తే, కిలో 80 ధర మీద ప్రతి కిలోకు నాలుగు రూపాయలు పరాయి సొమ్ము గల్లాలో పడుతున్నట్లే. మనకు తెలియకుండా పడినా, తెలిసిన క్షణం నుండి అది మన బాధ్యతే.

మరి ఇప్పటికే పడినది? ఇది దాసుల హక్కు గనుక కేవలం తౌబాతో తీరదు. కొన్నవాడు తెలిస్తే అతని సొమ్ము అతనికి చేర్చాలి. రోజూ వచ్చే ఖాతాదారుకు మరుసటిరోజు కారణం చెప్పి నాలుగు పండ్లు ఎక్కువ వేయడం కష్టమేమీ కాదు. సిగ్గుగా ఉంటుంది, అంతే! ఎవరో తెలియనివారి సొమ్మును అంచనా వేసి, వారి తరఫున పేదలకు ఇచ్చివేయాలని ధర్మవేత్తలు చెబుతారు. అయితే దాన్ని తన దానంగా లెక్కించుకోరాదు. ఎవరి సొమ్మును వారికి చేర్చే ప్రయత్నమే తప్ప అది సదఖా కాదు.

మస్జిదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. వుజూఖానా పక్కన ఒక బల్ల మీద ముద్ర వేసిన కిలో రాయిని ఉంచండి. జుమాకు వచ్చే సోదరుడు తన కాటాను వెంట తెచ్చి, ఎవరూ అడగకుండానే సరిచూసుకొని వెళతాడు.